అమ్మీని ఇంట్లో వదిలి పెళ్లికి వెళ్తున్నారా? సహాయకురాలికి మెసేజ్ ఇలా రాయండి

హైదరాబాద్‌లో ఒక ఇల్లు. అందరూ కర్నూలులో వలీమాకు వెళ్లాలి. షుగర్ ఉన్న అమ్మీని ఆ రోజంతా సరోజక్క చూసుకుంటుంది. చాలామంది గుమ్మం దగ్గర నిలబడి అన్నీ గబగబా చెప్పేస్తారు, తర్వాత దారిలోంచి పది మెసేజ్‌లు పెడతారు. అవసరమైనప్పుడు వాటిలో ఏదీ దొరకదు. కాబట్టి ఒకటే మెసేజ్, మందును తిండితో ముడిపెట్టి రాయాలి:

"సరోజక్కా, ఉదయం 8కి టిఫిన్ అమ్మీ ముందు పెట్టు. ఆమె తినడానికి కూర్చున్నాకే ఎర్ర కవర్‌లో మాత్ర ఇవ్వు. తిననంటే మాత్ర ఇవ్వకు, నాకు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం 1కి అన్నం, పప్పు. మాత్ర లేదు. రాత్రి 8కి రెండు రొట్టెలు, కూర. తిన్నాక నీలం కవర్ మాత్ర. ఇచ్చిన వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టు."

"తిననంటే ఇవ్వకు" అన్న మాటే ఇందులో ముఖ్యం. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ బాగా పడిపోతుంది. ఏ మాత్ర ఎప్పుడన్నది మాత్రం డాక్టర్ చీటీ చూసే రాయాలి. కవర్లలో ఆ రోజు మాత్రలే ఉంచి, మిగతావి బీరువాలో పెట్టేస్తే మంచిది. అమ్మీ మరిచిపోయి మళ్లీ అడిగినా రెండోసారి వేసే వీలుండదు.

టైమ్ గడియారం ప్రకారమే రాయాలి. "మగ్రిబ్ తర్వాత" అంటే ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది గానీ, హైదరాబాద్‌లో చలికాలానికీ ఎండాకాలానికీ మగ్రిబ్ గంటకు పైగా మారుతుంది. సరోజక్కకు అది ఎలా తెలుస్తుంది?

అదే మెసేజ్‌లో రెండో భాగం:

"అమ్మీకి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే షుగర్ పడిపోయి ఉండొచ్చు. మెలకువగా ఉండి మింగగలిగితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, నాకు ఫోన్ చెయ్యి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇచ్చి 108కి చెయ్యి. తేరుకుంటే ఏదైనా తినిపించు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ముందు 108కి, తర్వాత ఎదురింటి ఖాలాకు, ఆ తర్వాత నాకు."

కర్నూలులో ఉన్న కొడుకు నంబర్ చివర రావడం కొందరికి నచ్చదు. కానీ అతను రావడానికి గంటలు పడుతుంది, ఖాలా నిమిషంలో వస్తుంది. నంబర్ల కింద ఇంటి నంబర్, వీధి, దగ్గర్లోని మసీదు పేరు కూడా రాయాలి. 108 వాళ్లు మొదట అడిగేవాటిలో అడ్రస్ ఒకటి, కంగారులో అది నోటికి రాదు.

సరోజక్కకు చదవడం రాకపోతే ఇదంతా ఒకే వాయిస్ మెసేజ్‌గా పంపి, కవర్ల రంగులు ఆమెతోనే తిరిగి చెప్పించుకోవాలి. ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు, అందుకని నంబర్లు కాగితం మీద పెద్ద అంకెల్లో రాసి ఫ్రిజ్‌కు అతికించి వెళ్లండి.