మెచ్చుకోలా, ఎత్తిపొడుపా?

హ్యూస్టన్‌లో చదువుకునే ఒక తెలుగమ్మాయి కాలేజీ వేదిక మీద కూచిపూడి తరంగం చేసి, పళ్లెం దిగి చెమటలు తుడుచుకుంటోందనుకోండి. స్నేహితురాలు పరుగున వచ్చి "యూ ఏట్!" అంటుంది. మాటకు మాట పెడితే "నువ్వు తిన్నావు" అని. ఆ అమ్మాయికి మాత్రం "ఇరగదీశావే!" అని వినిపిస్తుంది. మర్నాడు ఆమె పొయ్యి మీద పప్పు పెట్టి ఫోన్‌లో పడిపోతుంది. గిన్నె మాడి గదంతా పొగ. అదే స్నేహితురాలు గుమ్మంలో నిలబడి, ముక్కు మూసుకుని, సాగదీస్తూ "యూ... ఏట్" అంటుంది. మాట అదే, నోరు అదే. ఈసారి అది చురక.

ఏట్, స్లే అనే ఈ మెచ్చుకోళ్లు న్యూయార్క్ హార్లెమ్‌లోని బాల్‌రూమ్ పోటీల లోకంలో పెరిగినవి. నల్లజాతి, లాటినో స్వలింగ ప్రియులు, ట్రాన్స్ మహిళలు తమకు బయట దక్కని గౌరవాన్ని అక్కడ తామే ఏర్పాటు చేసుకున్నారు. అలంకరించుకుని నడిచి చూపితే న్యాయనిర్ణేతలు పదికి పది ఇస్తారు, నచ్చకపోతే పోటీ నుంచి తప్పిస్తారు. ప్రాణం పెట్టి నెగ్గాల్సిన చోట పుట్టిన పొగడ్తలు కాబట్టే వాటిలో అంత దూకుడు. స్లే అంటే చంపేయడం. ఏట్ అంటే ఎదుటివాళ్లకు ముక్క మిగల్చకుండా తినేయడం. 2009లో మొదలైన రుపాల్స్ డ్రాగ్ రేస్ టీవీ పోటీ, 2016లో వచ్చిన బియాన్సే పాట 'ఫార్మేషన్' ఈ నుడికారాన్ని ఇంటింటికీ చేర్చాయి.

ఎత్తిపొడుపు కూడా ఆ లోకం నుంచే వచ్చింది. 1990 నాటి డాక్యుమెంటరీ 'పారిస్ ఈజ్ బర్నింగ్'లో డోరియన్ కోరీ అనే పెద్ద కళాకారిణి 'షేడ్' అంటే ఏమిటో వివరిస్తారు. ఎదుటి మనిషిలోని లోపాన్ని నోరు విప్పి చెప్పనక్కర లేకుండానే, తెలిసేలా చేయడం అది. పొగడ్తను చురకగా మార్చే విద్యకు ఇంతకంటే మంచి బడి లేదు.

మనకూ ఇది కొత్తేం కాదు. మన అలంకారికులు దీన్ని వ్యాజస్తుతి అన్నారు: పైకి పొగడ్త, లోపల నింద, లేదా దానికి తలకిందులు. వాడుకలో చూడండి. "చించేశావు" అంటే నిజంగా మెచ్చుకోలు. "చించావులే" అంటే వెక్కిరింత. క్రియ ఒక్కటే, చివర 'లే' చేరగానే మాట తిరగబడింది. ఇంగ్లీషులో ఏట్‌కి ఇలాంటి తోక లేదు, అందుకే బరువంతా గొంతు మీద పడుతుంది.

ఆ గొంతు ఎలా మారుతుంది? ఇంగ్లీషు మాట్లాడేవారి వెక్కిరింతను కొలిచిన పరిశోధనల్లో, మాట నెమ్మదించడం, స్వరం కిందికి దిగడం కనిపించాయి. నిజమైన మెచ్చుకోలు తొందరగా, పైస్థాయిలో వస్తుంది. కాంటనీస్ మాట్లాడేవారిలో వెక్కిరింత స్వరం పైకి పోయింది. అంటే ఒక భాషలోని ఆనవాలు ఇంకో భాషలో పనికిరాకపోవచ్చు. గొంతు తోడుగా రెండో ఆధారం పొగడ్త పరిమాణం. పళ్లెం మీద తాండవానికి "ఏట్" సరిపోతుంది, మాడిన పప్పుకు సరిపోదు. ఆ పొసగనితనమే సంకేతం. మూడో రకం కూడా ఉంది: పొద్దున్నే లేచి పళ్లు తోముకున్నందుకు "స్లే" అనడం. అది వెక్కిరింత కాదు, చిన్న పనికి పెద్ద కిరీటం పెట్టే ముద్దు మాట. కొత్తగా విన్నవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

గొంతే లేని చోట? 2005లో జస్టిన్ క్రుగర్, నికొలస్ ఎప్లీ బృందం ఒక ప్రయోగం చేసింది. కొన్ని వాక్యాలు నిజంగా, కొన్ని వెటకారంగా పంపించి, అందుకున్నవాళ్లను పోల్చుకోమన్నారు. పంపినవాళ్లు నూటికి సుమారు 78 సరిగ్గా పోలుస్తారనుకున్నారు. గొంతుతో చెప్పినప్పుడు 73 సరిగ్గా తేలాయి, ఈమెయిల్‌లో 56 మాత్రమే. నాణెం ఎగరేసి చెప్పినదానికి కాస్త మెరుగు, అంతే. మన మాటను మన గొంతుతోనే మనసులో వింటూ రాస్తాం, అవతలివాళ్లకు ఆ గొంతు వినబడదు. చుక్క కూడా అర్థం మార్చగలదు. బింగమ్టన్ విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనంలో, చివర ఫుల్‌స్టాప్ పెట్టిన ఒక్క మాట జవాబులు ఫోన్ సందేశాల్లో తక్కువ నిజాయితీగా అనిపించాయి. చేత్తో రాసిన చీటీల్లో ఆ తేడా కనిపించలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయికి నాట్యం వీడియో చూసిన మరో స్నేహితురాలు "స్లే." అని పంపిందనుకోండి. చుక్కతో సహా. పంపినామె అలవాటుగా చుక్క పెట్టి ఉండవచ్చు. అందుకున్నామె ఆ చుక్కను పదిసార్లు చూస్తుంది. "ఏంటే, నిజంగా నచ్చిందా?" అని ఫోన్ చేస్తుంది. "మూడో చరణంలో పళ్లెం తిప్పావు చూడు, అక్కడ నా గుండె ఆగిపోయిందే" అని అవతలి నుంచి గడగడా వినిపిస్తుంది.