రిఫండ్ సక్సెస్ అంటారు, ఖాతాలో చూస్తే సున్నా!

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు వెనక్కి పంపేశారు. అమ్మకందారు యాప్‌లో ఆకుపచ్చ టిక్కుతో ‘రిఫండ్ సక్సెస్‌ఫుల్’ అని కనిపిస్తోంది. బ్యాంకు ఖాతాలో మాత్రం పైసా పడలేదు. అమ్మకందారును అడిగితే బ్యాంకును అడగమంటాడు, బ్యాంకులో అడిగితే మాకేమీ రాలేదంటారు. చాలాసార్లు ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. డబ్బు ఆ ఇద్దరి మధ్యా ఎక్కడో ఉంటుంది. దాని జాడ తెలియాలంటే ముందు కొన్ని అపోహలు వదిలించుకోవాలి.

అపోహ: సక్సెస్ అని చూపించారంటే డబ్బు నా బ్యాంకుకు చేరినట్టే.

వాస్తవం: ఆ మాట అమ్మకందారు తన వైపు పని గురించి చెప్పుకునేది. డబ్బు వెనక్కి ఇవ్వమని అతను తన పేమెంట్ గేట్‌వేకు ఆదేశం పంపాడు, గేట్‌వే దాన్ని తీసుకుంది. యాప్‌లో టిక్కు పడటానికి చాలా చోట్ల అంతే చాలు. మీరు కార్డుతో కట్టి ఉంటే ఆ తర్వాత ఇంకా చాలా దూరం ఉంది. గేట్‌వే ఆ ఆదేశాన్ని అమ్మకందారు తరఫు బ్యాంకుకు పంపాలి. ఆ బ్యాంకు దాన్ని మిగతా లావాదేవీలతో కలిపి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్క్‌కు అందించాలి. అక్కడి నుంచి అది మీకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు రావాలి. ఆ బ్యాంకు మీ ఖాతాలో జమ రాయాలి. అమ్మకందారు యాప్‌కు ఈ చివరి మజిలీ కనిపించదు. అందుకే ‘5 నుంచి 7 పనిదినాలు’ అని కింద చిన్న అక్షరాల్లో రాస్తారు.

అపోహ: ఏదో ఒక నంబరు చెబితే బ్యాంకువాళ్లు వెతికిపెడతారు.

వాస్తవం: ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆర్డర్ నంబరు అమ్మకందారుకు సంబంధించినది. rfnd_ వంటి అక్షరాలతో మొదలయ్యే రిఫండ్ ఐడీ గేట్‌వేది. ఈ రెండూ మీ బ్యాంకు కంప్యూటర్‌లో ఉండవు. బ్యాంకు ఉద్యోగి వెతికి ‘ఏమీ లేదండీ’ అంటే అది డబ్బు రాలేదనడం కాదు, ఆ నంబరు తమ దగ్గర లేదనడం.

కార్డు రిఫండ్‌కు కావలసింది అక్వైరర్ రిఫరెన్స్ నంబర్, అంటే ఏఆర్‌ఎన్. దీనిలో 23 అంకెలుంటాయి. అమ్మకందారు తరఫు బ్యాంకు రిఫండ్‌ను నెట్‌వర్క్‌కు పంపేటప్పుడు ఇది పుడుతుంది, మీ బ్యాంకు దాకా అదే నంబరు వెంట వస్తుంది. కాబట్టి వారం గడిచినా అమ్మకందారు ఏఆర్‌ఎన్ ఇవ్వలేకపోతే రిఫండ్ అసలు బయలుదేరలేదేమోనని అనుమానించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. వరంగల్‌లో ఒకావిడ డెబిట్ కార్డుతో 4,299 రూపాయలకు మిక్సీ కొని, నచ్చక తిప్పి పంపారనుకుందాం. 2025 ఏప్రిల్ 11, శుక్రవారం సాయంత్రం యాప్‌లో సక్సెస్ అని వచ్చింది. 17వ తేదీకి కూడా డబ్బు పడలేదు. ఆవిడ అమ్మకందారు చాట్‌లో ‘ఈ రిఫండ్ ఏఆర్‌ఎన్ ఇవ్వండి’ అని అడిగారు. ఈ నమూనాలో ఉన్న నంబరు వచ్చింది:

```
7 123456 5105 00012345678 9
```

విడగొట్టి చదివితే ఇది చాలా చెబుతుంది. మొదటి అంకె తర్వాతి ఆరు అంకెలు అమ్మకందారు తరఫు బ్యాంకును సూచిస్తాయి. ఆ తర్వాతి నాలుగు అంకెలు తేదీ. 5 అంటే 2025, 105 అంటే ఆ ఏడాదిలో 105వ రోజు, అంటే ఏప్రిల్ 15. తర్వాతి పదకొండూ లావాదేవీ వరుస సంఖ్య, చివరిది తనిఖీ అంకె. అంటే యాప్ 11న సక్సెస్ అన్నా రిఫండ్ నెట్‌వర్క్‌లోకి వెళ్లింది 15నే. మధ్యలో రెండో శనివారం, ఆదివారం, అంబేద్కర్ జయంతి వరుసగా వచ్చాయి. పనిదినాలు లెక్కపెట్టాల్సింది 15 నుంచి. ఆవిడ 17వ తేదీన బ్యాంకుతో గొడవపడాల్సిన అవసరం లేదు. అదే 28వ తేదీకి కూడా జమ కాకపోతే అప్పుడు గట్టిగా అడగవచ్చు.

అడిగేటప్పుడు బ్రాంచి కౌంటర్ కంటే బ్యాంకు కార్డుల విభాగానికి ఈమెయిల్ రాయడం మేలు. కార్డు చివరి నాలుగు అంకెలు, మొత్తం, అమ్మకందారు పేరు, ఏఆర్‌ఎన్, అందులోని తేదీ రాసి, ‘ఈ క్రెడిట్ మీకు చేరిందా, చేరితే ఏ తేదీన ఏ ఖాతాలో జమ చేశారు?’ అని అడగండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. రాలేదని వాళ్లు రాతపూర్వకంగా చెబితే ఆ జవాబునే అమ్మకందారుకు పంపండి. తన తరఫు బ్యాంకుతో ఆరా తీయించే బాధ్యత అతనిదే అవుతుంది.

యూపీఐతో కట్టి ఉంటే ఏఆర్‌ఎన్ ఉండదు, 12 అంకెల నంబరు ఉంటుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, చాలామంది మొదట డబ్బు కట్టినప్పటి నంబరే బ్యాంకుకు ఇస్తారు. దానితో వెతికితే మీరు కట్టిన డబ్బే కనిపిస్తుంది. రిఫండ్‌కు వేరే నంబరు పుడుతుంది, దాన్నే అడిగి తీసుకోవాలి.

అపోహ: పాస్‌బుక్‌లో ఆ అమ్మకందారు పేరుతో జమ లేదు కాబట్టి రిఫండ్ రాలేదు.

వాస్తవం: జమ గేట్‌వే పేరుతో పడి ఉండవచ్చు, మెసేజ్ రాకపోయి ఉండవచ్చు. పేరు కాకుండా మొత్తం చూసి వెతకండి. మామూలుగా డబ్బు మీరు కట్టిన చోటికే తిరిగి వెళ్తుంది. ఫోన్‌లో రెండు బ్యాంకు ఖాతాలు ఉండి, ఇప్పుడు వేరేది ముందు పెట్టుకున్నా, రిఫండ్ పాత ఖాతాకే పోతుంది. క్రెడిట్ కార్డుతో కడితే సేవింగ్స్ ఖాతాలో చూసి లాభం లేదు, కార్డు స్టేట్‌మెంట్ చూడాలి.

మరొకటి కూడా జరుగుతుంది. కొన్న కాసేపటికే ఆర్డర్ రద్దు చేస్తే, అమ్మకందారు డబ్బు తిరిగి పంపే బదులు మొదటి లావాదేవీనే రద్దు చేస్తాడు. అప్పుడు క్రెడిట్ కార్డులో కొత్త జమ పడదు. పెండింగ్‌గా కనిపించిన పాత ఖర్చే మాయమవుతుంది. ఇలాంటి రద్దుకు ఏఆర్‌ఎన్ కూడా ఉండదు. అందుకే ముందు ఆ ఖర్చు స్టేట్‌మెంట్‌లో ఇంకా ఉందో లేదో చూసుకోండి.

అపోహ: రిఫండ్ ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం వస్తుంది.

వాస్తవం: 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆ ఆదేశం విఫలమైన లావాదేవీల గురించి. మీ ఖాతాలో డబ్బు తెగి అవతలివారికి చేరకపోవడం వంటివి దాని కిందికి వస్తాయి. వస్తువు వాపసు చేసినందుకు అమ్మకందారు ఇచ్చే రిఫండ్‌కు అది వర్తించదు. ఈ మాట పట్టుకుని బ్యాంకుతో వాదిస్తే మీ అసలు ఫిర్యాదు పక్కదారి పడుతుంది.

అపోహ: కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికి ఫోన్ చేస్తే తొందరగా తేలిపోతుంది.

వాస్తవం: రిఫండ్ కోసం కంగారుపడేవాళ్ల కోసమే మోసగాళ్లు అక్కడ నకిలీ నంబర్లు పెడతారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్, ఓటీపీ అడిగినా, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టేయండి.

అమ్మకందారు ఏఆర్‌ఎన్ ఇవ్వకపోయినా, ఇచ్చినది బ్యాంకుకు చేరకపోయినా, కార్డుతో కట్టినవారు తమ బ్యాంకులో చార్జ్‌బ్యాక్ కోరవచ్చు. ‘ఇస్తానన్న క్రెడిట్ ఇవ్వలేదు’ అన్నది దానికి గుర్తింపు ఉన్న కారణమే. సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది, ‘వస్తుంది, వస్తుంది’ అన్న మాట వింటూ దాన్ని పోగొట్టుకోవద్దు. రిఫండ్ సక్సెస్ అన్న స్క్రీన్‌షాట్ అక్కడ మీకు సాక్ష్యం. అమ్మకందారు మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మీ బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి.