చూపులకు ముందే జాతకం ఎందుకంటే...

నాన్నా,

"ఈ రోజుల్లో కూడా జాతకాలేంటమ్మా" అని నిన్న ఫోన్ పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద అయితే నా మాట మధ్యలో ఆపలేవు కదా.

పొంతన చూసేటప్పుడు పంతులుగారికి ముందుగా కావలసింది మీరిద్దరూ పుట్టిన వేళకు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నది. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఎనిమిది కూటాలకు గుణాలు వేస్తారు. మొత్తం 36. అందులో 18 వస్తే చాలంటారు. వర్ణానికి ఒక్కటే, నాడికి మాత్రం 8. ఉన్న 27 నక్షత్రాలనూ ఆది, మధ్య, అంత్య నాడులుగా పంచారు. ఇద్దరిదీ ఒకే నాడి అయితే ఆ ఎనిమిదీ సున్నా.

అమ్మాయిది రేవతి, అంత్యనాడి. నీది రోహిణి నాలుగో పాదం అని మీ నాన్న రాయించిన జాతకంలో ఉంది. రోహిణీ అంత్యనాడే. మీనానికీ వృషభానికీ రాశికూటం బాగానే కుదిరి 7 వచ్చింది కానీ, నాడి దగ్గర సున్నా.

ఇక్కడే నీకో సంగతి చెప్పాలి. నువ్వు పుట్టిన రోజు తెల్లవారుజామున 4.20కి రోహిణి వెళ్లి మృగశిర వచ్చింది. ఆసుపత్రి చీటీలో 4.10 అని ఉంది. అమ్మమ్మ మాత్రం తన చేతి గడియారం చూసి నాలుగున్నర అని పంచాంగం అంచున రాసుకుంది. ఆవిడ మాటే నిజమైతే నీది మృగశిర మొదటి పాదం. రాశి వృషభమే, నాడి మాత్రం మధ్య. సున్నా కాస్తా ఎనిమిది అవుతుంది! పైగా పాత పద్ధతి పంచాంగానికీ దృక్ పంచాంగానికీ నక్షత్రం మారే వేళలో ఒక్కోసారి గంటల తేడా వస్తుంది.

ఇంత గాలిలో ఉన్నదాన్ని పట్టుకుని వేలాడటం దేనికంటావు. నమ్మకం ఒక పాలే నాన్నా, మిగతాది మీ పెద్దమ్మ సంగతి. చూపులయ్యాయి, పిల్ల నచ్చిందన్నారు, తాంబూలాలకు రోజు కూడా అనుకున్నాం. అప్పుడు అబ్బాయివాళ్లు జాతకం తీశారు. నాడీదోషమట. పట్టుచీర మడత పెట్టి బీరువాలో పెడుతూ అక్క ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మాట వాళ్లు ముందే అనుంటే ఎవరికీ ఏమీ పోయేది కాదు.

మనం వాళ్లింటికెళ్లి, కాఫీలు తాగి, ఆ పిల్ల నీతో నాలుగు మాటలు మాట్లాడాక నక్షత్రం వంకతో వద్దని చెప్పడం నావల్ల కాదు. మనం అడగకపోయినా వాళ్ల నాయనమ్మ అడుగుతుంది. చూడాల్సిందేదో కాగితం మీదే ముందు చూసేద్దాం. తేలింది నాడి ఒక్కటే అయితే నేను అడ్డు చెప్పను, మీ మేనత్తలకు జవాబు నేను చెప్పుకుంటాను.

అమ్మమ్మ పంచాంగం అటక మీది ట్రంకు పెట్టెలో ఉన్నట్టు గుర్తు. ఆదివారం వచ్చినప్పుడు దింపిపెట్టు.

అమ్మ