చెవికి అందేలా రాసిన వార్త: ఒక వరద కబురు

పత్రికలో వాక్యం అర్థం కాకపోతే కన్ను వెనక్కి వెళ్తుంది. రేడియో వినేవారికి ఆ వీలు లేదు. గోదావరి పొంగుతున్నప్పుడు లోతట్టు ప్రాంతంలో ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

భద్రాచలం వద్ద ప్రమాద హెచ్చరికలు మూడు: 43, 48, 53 అడుగులు. న్యూస్‌రూమ్‌కు ఇలాంటి కాపీ వచ్చిందనుకుందాం:

"భద్రాచలం వద్ద ఉదయం 6 గంటలకు 47.9 అడుగులున్న గోదావరి నీటిమట్టం, 11,38,462 క్యూసెక్కుల వరద ప్రవహిస్తున్నందున సాయంత్రానికి 48 అడుగుల రెండో ప్రమాద హెచ్చరిక స్థాయి దాటే అవకాశం ఉందని, లోతట్టు ప్రాంతాల ప్రజలు ఇళ్లు ఖాళీ చేయాలని అధికారులు తెలిపారు."

తెలుగులో క్రియ చివర వస్తుంది. అందుకే ఈ మాట ఎవరిదో తెలియాలంటే వాక్యం మొత్తం మోసుకెళ్లాలి. తీరా వచ్చేది "అధికారులు". ఏ అధికారులు? అంచనా వేసేవారు వేరు, ఖాళీ చేయమనేవారు వేరు. రాసే ముందు ఫోన్ చేసి తేల్చుకోవాలి. అంచనా కేంద్ర జల సంఘానిదని, ఆదేశం కలెక్టర్‌దని తేలితే వార్త ఇలా మారుతుంది:

"భద్రాచలం వద్ద గోదావరి రెండో ప్రమాద హెచ్చరికకు చేరువైంది. లోతట్టు ప్రాంతాల వారు వెంటనే ఇళ్లు ఖాళీ చేయాలి. జిల్లా కలెక్టర్ ఈ ఆదేశం ఇచ్చారు. ఈ ఉదయం ఆరు గంటలకు నీటిమట్టం నలభై ఎనిమిది అడుగులకు కాస్త తక్కువగా ఉంది. కేంద్ర జల సంఘం అంచనా ప్రకారం, సాయంత్రానికి ఆ స్థాయి దాటవచ్చు. ప్రస్తుతం పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహిస్తోంది."

ఒక్క వాక్యం ఆరైంది. ఒక్కోదానిలో ఒకే సంగతి ఉంది. అంచనా వేసినవారి పేరు ముందే రావడంతో, అది జరిగిన విషయం కాదని శ్రోతకు మొదటే తెలుస్తుంది. క్యూసెక్కుల లెక్క చివరికి వెళ్లింది. సమయం చాలక కింది నుంచి కోసినా ఆదేశం మిగులుతుంది.

అంకెలను అక్షరాల్లో రాస్తే న్యూస్ రీడర్ తడబడరు. 11,38,462లో చివరి అంకెలు ఎవరికీ గుర్తుండవు కాబట్టి దాన్ని కుదించవచ్చు. 47.9 విషయంలో మాత్రం జాగ్రత్త. దాన్ని సవరించి "నలభై ఎనిమిది" అంటే, జారీ కాని రెండో హెచ్చరికను మనమే జారీ చేసినట్టవుతుంది. హద్దుకు దగ్గరగా ఉన్న అంకెను ఏ వైపు నుంచీ హద్దు దాటించకూడదు. కొలిచిన సమయాన్నీ వదలకూడదు. అదే వార్త మధ్యాహ్నం బులెటిన్‌లో మళ్లీ వస్తే, పొద్దుటి మట్టాన్నే అప్పటి మట్టం అనుకుంటారు.

రాశాక కాపీని సహోద్యోగికి ఒక్కసారే చదివి వినిపించండి. ఎవరు ఖాళీ చేయాలి, ఎవరు చెప్పారు, నీరు ఎంత ఉంది అని అడగండి. ఏ ప్రశ్నకు తడుముకుంటే ఆ వాక్యాన్నే తిరగరాయాలి.