చీర రంగు మార్చే ముందు, ఫొటో ఎక్కడికి వెళ్తుందో చూడండి

ఫొటోలో కట్టుకున్న ఎర్ర పట్టుచీరను ఆకుపచ్చగా మార్చాలి. ఫోన్‌లో ఉచిత యాప్ అయితే అర నిమిషం పని. కంప్యూటర్‌లో గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే, చేయి తిరిగేదాకా గంటైనా పట్టొచ్చు. ఇంత తేడా ఎందుకంటే, బట్టలు మార్చే యాప్‌లు చాలావరకు ఆ పనిని మన ఫోన్‌లో చేయవు. ఫొటోను తమ సర్వర్‌కు పంపి, అక్కడ మార్పించి, తిరిగి తెచ్చి చూపిస్తాయి. గింప్‌లో ఫొటో మన కంప్యూటర్ దాటి బయటికి వెళ్లదు.

2025 సెప్టెంబరులో గూగుల్ జెమినీతో సొంత ఫొటోలను పాత సినిమాల తరహా చీరకట్టులోకి మార్చుకోవడం దేశమంతా ఊపందుకుంది. అప్పుడే ఐపీఎస్ అధికారి వి.సి. సజ్జనార్, ఆ పేరుతో పుట్టుకొచ్చే నకిలీ వెబ్‌సైట్లు, అనధికారిక యాప్‌ల జోలికి వెళ్లొద్దని హెచ్చరించారు. పేరున్న సంస్థకు ఫొటో ఇవ్వడం ఒకటి, ఎవరిదో తెలియని సర్వర్‌కు ఇవ్వడం మరొకటి.

మీ యాప్ ఏ రకమో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆగిందో లేదో చూసుకుని, చీర రంగు మార్చమనండి. పని ఆగిపోతే అది చాలావరకు సర్వర్‌లో జరిగేదే అయ్యుంటుంది. పని జరిగితే ఫోన్‌లోనే జరిగినట్టు. అయితే నెట్ తిరిగి రాగానే ఆ యాప్ ఫొటోను పంపదన్న హామీ మాత్రం ఈ పరీక్షతో దొరకదు. అందుకే అనుమతి అడిగినప్పుడు గ్యాలరీ మొత్తం ఇవ్వకండి. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఐఫోన్లలో ఎంచుకున్న ఫొటోలనే చూపించే వీలుంది. ఆ ఒక్క ఫొటో ఇస్తే సరిపోతుంది.

కంప్యూటర్‌లో చేసినంత మాత్రాన భద్రమేనని కూడా అనుకోకూడదు. బ్రౌజర్‌లో తెరిచే ఎడిటింగ్ సైట్లు చాలావరకు ఫొటోను అప్‌లోడ్ చేసుకునేవే. ఫొటోపీ లాంటివి భిన్నం. బ్రౌజర్‌లోనే తెరుచుకున్నా, ఫైలును మన కంప్యూటర్‌లోనే ఉంచి పనిచేస్తాయి. ఇక్కడా అదే పరీక్ష: పేజీ పూర్తిగా తెరుచుకున్నాక నెట్ తీసేయండి. ఏ పని ఆగిపోయిందో, ఆ పనికి బయటి సర్వర్ కావాలన్నమాట.

ఇక గింప్‌లో చీర సంగతి. ఫొటో తెరిచి, లేయర్‌కు నకలు తీసుకోండి. చేయి జారినా అసలు ఫొటో కింద పదిలంగా ఉంటుంది. Free Select పరికరంతో చీర అంచు వెంట గీత గీసి, చీరను మాత్రమే ఎంచుకోండి. గీత కొట్టొచ్చినట్టు కనబడకుండా అంచును కొన్ని పిక్సెళ్ల మేర మెత్తబరచండి. దానికి Feather ఉంది. తరువాత Colors మెనూలో Hue-Saturation తెరిచి, R బటన్ నొక్కి, Hue ను 120 దాకా జరపండి. రంగుల చక్రంలో ఎరుపు నుంచి ఆకుపచ్చకు దూరం 120 డిగ్రీలు. R ఎంచుకోవడంతో ఎరుపు మారుతుంది, పసుపు వైపున్న జరీ చాలావరకు అలాగే ఉంటుంది. అన్ని రంగులూ కలిపి జరిపితే బంగారు జరీ నీలి పచ్చగా తేలుతుంది.

చిక్కు ఒంటి రంగుతో వస్తుంది. అది ఎరుపుకీ పసుపుకీ మధ్య ఉంటుంది కాబట్టి, ఎంపికలో చేతి అంచు పడితే వేళ్లు పచ్చబడతాయి. పని తప్పిందో లేదో చూడాలంటే ఫొటోను పెద్దది చేసి ముందు వేళ్లు, మెడ, జుట్టు అంచులు చూడాలి. తెల్ల చీరకు ఈ పద్ధతి పనికిరాదు, అందులో జరపడానికి రంగే ఉండదు. దానికి Colorize వాడి, Lightness ను కూడా తగ్గించాలి.

యాప్‌కు ఈ తిప్పలు ఉండవు. కానీ కృత్రిమ మేధతో నడిచే యాప్ చీర రంగు మార్చి ఊరుకోకుండా, చీరను కొత్తగా గీస్తుంది. అంచు మీది నెమళ్లు మరేవో అవుతాయి, ఒక్కోసారి ముఖమూ కాస్త మారుతుంది.

పని అయ్యాక ఫొటోను JPEG గా ఎగుమతి చేసేటప్పుడు Exif అన్న టిక్ తీసేయండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫొటో ఎక్కడ తీశారో ఆ సమాచారంలోనే ఉంటుంది. యాప్‌కు పంపే ఫొటోలోంచైనా ముందే దాన్ని తొలగించడం మేలు.

యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే సర్వర్‌లోని ఫొటో పోదు. ఎన్ని రోజులు ఉంచుకుంటారో, తమ సాఫ్ట్‌వేర్‌కు శిక్షణ ఇవ్వడానికి వాడతారో లేదో ప్రైవసీ పాలసీలో చూడాలి. ఖాతా తెరిచి ఉంటే, దాన్ని తొలగించమని విడిగా కోరాలి. పాలసీలో ఈ రెండింటికీ జవాబు లేని యాప్‌కు షాపులోని బొమ్మకు కట్టిన చీర ఫొటో ఇవ్వొచ్చు. పిల్లల ఫొటోలు, పెళ్లి సంబంధానికి పంపే ఫొటోలు అయితే గింప్ ముందు ఆ గంట కూర్చోవడమే మంచిది. ఇతరుల ఫొటో అయితే, ఏ పరికరం వాడినా ముందు వాళ్లను అడగాలి.