అమ్మ గడ్డం మీది పచ్చబొట్టు

న్యుమోనియాతో 12 రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చిన మూడో వారంలో మా అమ్మకు ఫొటో తీశాను. అమ్మకు 76 ఏళ్లు. ఊరికి దూరంగా ఉంటున్న తమ్ముడు హాల్లో పెట్టుకోవడానికి పెద్ద ఫొటో కావాలన్నాడు. కళ్ల కింద నలుపు, ఎండిన పెదవులు, చేతి మీద సెలైన్ సూది గుచ్చిన చోట కమిలిన మచ్చ అన్నీ ఫొటోలో పడ్డాయి. ఆ రాత్రే కూర్చుని శుభ్రం చేసి, మర్నాడు ప్రింటు తీసి అమ్మ చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "నా పచ్చబొట్టు ఏమైందే?" అంది.

గడ్డం మీది మూడు చుక్కల పచ్చబొట్టు అది. చిన్నప్పుడు తిరునాళ్లలో వాళ్ల నాయనమ్మ పొడిపించింది. మచ్చలన్నీ తుడిచేస్తూ పోయిన ఊపులో నేను దాన్నీ తుడిచేశాను. నుదుటి మీద, అరవై ఏళ్లుగా బొట్టు పెట్టుకునే చోట చర్మం కాస్త నల్లబడి ఉంటుంది. అదీ లేదు. పోలికలు అమ్మవే, మనిషి మాత్రం అమ్మ కాదు. ఆ ఫైలు పక్కన పెట్టేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

మా నాన్నది ఫొటో స్టూడియో. నెగటివ్‌ల కాలంలో ఆయన రీటచింగ్ పెన్సిల్‌తో చేసేవారు. ముడతలో పడిన నీడ నెగటివ్ మీద పలచగా, పారదర్శకంగా కనిపిస్తుంది. ముల్లులా చెక్కిన పెన్సిల్ మొనతో అక్కడ సన్నని గీతలు నింపితే ప్రింటులో ఆ నీడ తేలిపోతుంది. గీతలు ఎక్కువైతే ముఖం పిండిబొమ్మలా తయారవుతుంది. అందుకే నాన్న ముడతను పూడ్చేవారు కాదు, దాని నీడను పలచన చేసి వదిలేసేవారు. ఇప్పుడు పెన్సిల్ స్థానంలో ఫొటోషాప్ వచ్చింది గానీ పని అదే.

ముఖంలో అలసట ఒకచోట, వయసు ఒకచోట ఉంటాయి. అలసట ఎక్కువగా రంగులోనూ నీడలోనూ ఉంటుంది: కళ్ల కింద నలుపు, పాలిపోయిన చెంపలు, ఎర్రబడిన కళ్లు, పెదవి మూలల్లో చీకటి. వయసు గీతల్లోనూ, చర్మపు నూగులోనూ, ముఖం ఆకారంలోనూ ఉంటుంది. రంగునూ నీడనూ ముట్టుకుని గీతల్ని వదిలేస్తే మనిషి తేరుకున్నట్టు కనిపిస్తుంది. గీతల్ని ముట్టుకుంటే మనిషే మారిపోతుంది. ఏది తీయాలో తేల్చుకోలేనప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది ఓ నెల పోతే దానంతటదే పోయేదేనా? సూది మచ్చ పోతుంది, పెదవి పగులు పోతుంది. వాటిని పూర్తిగా తీసేశాను. చేతి మీద ఉబ్బిన నరాలు, పుట్టుమచ్చ, బరువైన దుద్దులకు సాగిన చెవి తమ్మె ఎక్కడికీ పోవు. వాటి జోలికి పోలేదు.

అన్నిటికన్నా కష్టమైనది కళ్ల కింద. అసలు ఫొటో మీద కాకుండా పైన ఖాళీ లేయర్ ఒకటి తెరిచి, Healing Brush తీసుకుని, Sample దగ్గర Current & Below పెట్టుకున్నాను. చెంప పైభాగం నుంచి చర్మాన్ని తీసుకుని నల్లటి చోట అద్దాను. అద్దగానే నలుపూ మడతా రెండూ మాయమైపోతాయి. అక్కడ ఆగిపోతే మొదటి తప్పే మళ్లీ జరుగుతుంది. ఆ లేయర్ Opacity ని 40 శాతానికి తగ్గిస్తే కింద ఉన్న అసలు చర్మం మళ్లీ పైకి తేలుతుంది. మడత ఉంటుంది, అందులోని చీకటి మాత్రం తగ్గుతుంది. ఈ 40 అమ్మ ముఖానికి సరిపోయిన లెక్క. ఒకరికి 30 చాలు, మరొకరికి 50 కావాలి.

మన చామనఛాయ ఒళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. మన కళ్ల కింది నలుపులో గోధుమరంగు, బూడిదరంగు కలిసి ఉంటాయి. Curves తో వెలుగు ఒక్కటే పెంచితే ఆ చోటు తెల్లబడదు, విబూది పూసినట్టు పాలిపోతుంది. వెలుగు కొంచెం పెంచి, దానితోపాటు పక్క చెంపలోని వెచ్చటి రంగు కూడా కాస్త కలపాలి. అందుకు ఇంకో ఖాళీ లేయర్ తీసి, దాన్ని Color మోడ్‌లో పెట్టి, చెంప రంగును చాలా పలచగా పూస్తాను. ఎక్కువైందేమో తెలుసుకోవాలంటే ఫొటోను తెర మీద తపాలా బిళ్లంత చిన్నది చేసి చూడాలి. కళ్ల చుట్టూ తెల్లటి కళ్లజోడు పెట్టినట్టు రెండు మచ్చలు కనిపిస్తే చెయ్యి హద్దు దాటినట్టే.

కంటి తెల్లగుడ్డును తెల్లగా చేయాలనే తొందర అందరికీ ఉంటుంది. పెద్దవాళ్ల తెల్లగుడ్డు పాలతెలుపులో ఉండదు, కాస్త పసుపు తిరిగి ఉంటుంది. నిద్రలేని ఎరుపు మాత్రమే తీయాలి. ఆ తెల్లగుడ్డు వరకే ఎంచుకుని, Hue/Saturation లో Reds మాత్రం తీసుకుని కొంచెం తగ్గించాను. పెద్దవయసులో చాలామందికి నల్లగుడ్డు అంచు చుట్టూ బూడిద నీలం వలయం ఏర్పడుతుంది. అమ్మకూ ఉంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు అది మసక అనుకుని నల్లరంగు దిద్దేస్తారు. అప్పుడు 76 ఏళ్ల ముఖంలో పాతికేళ్ల కళ్లు అతికించినట్టు ఉంటుంది. ఆ వలయాన్ని అలాగే ఉంచి, కిటికీ వెలుగు కంట్లో మెరిసిన చిన్న చుక్కను మాత్రం ఒక పిసరు పెంచాను. ముఖం తేటపడినట్టు అనిపించింది అక్కడే.

పెదవి మూలల్ని Liquify తో పైకి లాగితే నవ్వు వస్తుంది గానీ ఆ నవ్వు చెంపల దాకా వెళ్లదు కనుక అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది. నేను మూలల్లోని చీకటిని కాస్త తేలిక చేసి ఊరుకున్నాను. దిగాలు తగ్గింది, అమ్మ మామూలుగా మూతి బిగించుకునే తీరు అలాగే ఉంది. జబ్బుతో లోపలికి పోయిన చెంపల్ని నింపలేదు. అక్కడి నీడనూ పలచన చేశానంతే.

రీటచింగ్‌తో ఎంత దిద్దినా తీరనిది ఒకటుంది, ఫొటో తీసేటప్పటి వెలుతురు. నడినెత్తిన ట్యూబ్‌లైటు ఉంటే కనుగుంటల్లో నీడ నిలిచి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా రోగిష్ఠిగా కనిపిస్తారు. అమ్మను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, ఒళ్లో ఫ్రేములోకి రాకుండా తెల్ల దుప్పటి మడతపెట్టి పరిచాను. ఆ తెలుపు మీంచి వెలుతురు ఎగసి కళ్ల కింద పడుతుంది. ఫోనుతో తీసేవాళ్లు బ్యూటీ మోడ్ ఆపేసి, ముఖానికి దగ్గరగా కాకుండా ఐదారడుగుల దూరంలో నిలబడి, జూమ్ 2x లో తీయాలి. మరీ దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై, ముఖం సాగిపోతుంది.

రెండోసారి అంతా అయ్యాక ఫైలు మూసేసి, ఒక రోజంతా చూడలేదు. చూసి చూసి అలవాటైన కంటికి అతి తెలియదు. మర్నాడు తెరిచి, లేయర్లన్నీ ఒక గ్రూపులో పెట్టి, మొత్తం గ్రూపు Opacity ని 80 కి తగ్గించి, 12×18 అంగుళాల ప్రింటు తీయించాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని ప్రింటును వెలుతురులోకి పట్టుకుంది. గడ్డం మీద వేలు పెట్టి చుక్కలు మూడూ చూసుకుంది. కళ్ల కింద నేను గంటన్నర పడ్డ పాటు ఆమె కంట పడనే లేదు. చెవి పక్కన రేగిన నాలుగు వెంట్రుకలు చూపించింది.

"ఇలా జుట్టు రేగి నేనెప్పుడైనా నలుగురిలోకి వచ్చానా? మీ నాన్నయితే ఫొటో తీసే ముందే దువ్వెన చేతికిచ్చేవారు" అంది.

మా స్టూడియో గోడకు అద్దం, దాని కింది పలకమీద దువ్వెన, పౌడరు డబ్బా ఎప్పుడూ ఉండేవి. ఆ నాలుగు వెంట్రుకల్నీ సవరించి, ప్రింటు మళ్లీ తీయించాను.