గీజర్ కొనేముందు నీళ్లు రుచి చూడండి

అమలాపురంలో ఏ షాపుకెళ్లి గీజర్ కావాలన్నా ముందు ఎన్ని లీటర్లని అడుగుతారు, తర్వాత ఎన్ని స్టార్లని అడుగుతారు. కోనసీమ వాళ్లకు వీటికంటే ముందు తేలాల్సిన సంగతి ఇంకొకటుంది: డాబా మీది ట్యాంకులోకి ఎక్కేవి కాలువ నీళ్లా, బోరు నీళ్లా? గీజర్ ఎన్నేళ్లు ఉంటుందో చాలావరకు చెప్పేది అదే. దాని దగ్గరకు వెళ్లేలోపు లీటర్లు, స్టార్ల గురించి కొన్ని విశేషాలు.

15 లీటర్ల గీజర్ 35 లీటర్లు ఇస్తుంది

గీజర్‌లో 60 డిగ్రీలకు కాగిన నీళ్లను ఎవరూ అలాగే పోసుకోరు, చన్నీళ్లు కలుపుకుంటారు. మన చలికాలపు ట్యాంకు నీళ్లు 25 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, 15 లీటర్ల వేణ్ణీళ్లకు 20 లీటర్ల చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 35 లీటర్లు వస్తాయి. అంటే దాదాపు రెండు బకెట్లు. అదే గీజర్‌ని లంబసింగిలో పెట్టి, అక్కడి నీళ్లు 10 డిగ్రీలు అనుకుంటే, కలిపేది 10 లీటర్లకు మించదు. ఒక బకెట్టు నిండి ఇంకొంచెం మిగులుతుందంతే. కొండప్రాంతాల వాళ్లకు రాసిన సలహా చదివి మనం పెద్ద గీజర్ కొనక్కర్లేదు. నలుగురున్న ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తే 15 లీటర్లు చాలు, ఎందుకంటే 2 కిలోవాట్ల ఎలిమెంటు ఆ నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 18 నిమిషాలే పడుతుంది. ఖర్చయ్యే కరెంటు 0.6 యూనిట్.

స్టార్లు చెప్పేది వేగం కాదు

ఐదు స్టార్ల గీజర్ నీళ్లను త్వరగా కాచదు, కాచడానికి తక్కువ కరెంటూ తీసుకోదు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి కావాల్సిన కరెంటు ఏ గీజర్‌లోనైనా ఒకటే. స్టార్లు చెప్పేది కాగిన నీళ్ల వేడి ఎంత బయటికి పోతుందన్నది. బయటి గాలికంటే నీళ్లు 45 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు 24 గంటల్లో ఎన్ని యూనిట్ల వేడి పోతుందో కొలిచి, లేబుల్ మీద ఆ అంకె వేస్తారు. ట్యాంకు చుట్టూ నింపిన ఫోమ్ ఎంత మందంగా, ఎంత బాగా ఉంటే ఆ అంకె అంత తగ్గుతుంది. ఒకే సైజు గీజర్ల మధ్యే దాన్ని పోల్చి చూడాలి. పొద్దున స్విచ్ వేసి, స్నానాలవగానే ఆపేసే ఇంటికి స్టార్ల వల్ల మిగిలేది కొద్దిగానే. రోజంతా ఆన్‌లో వదిలేసే ఇంటికి, గెస్ట్‌హౌస్‌లకు మాత్రం అది అసలైన లెక్క.

మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్లు ఈ స్టార్ల లెక్కలోకి రావు. 3 కిలోవాట్లది నిమిషానికి సుమారు 3 లీటర్ల గోరువెచ్చని నీళ్లు ఇస్తుంది. వంటింటి సింకుకి సరిపోతుంది గానీ, బకెట్టు నిండాలంటే ఆరు నిమిషాలు నిలబడాలి.

తెల్లటి పొర ఎక్కడి నుంచి వస్తుంది

ఎలిమెంటు అంటే లోపల సన్నని నైక్రోమ్ తీగ, దాని చుట్టూ కరెంటును ఆపే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన లోహపు గొట్టం. ఆ గొట్టం రాగిదై ఉండవచ్చు, ఇంకాలాయ్ అనే నికెల్, క్రోమియం, ఇనుము మిశ్రమానిదై ఉండవచ్చు, లేదా పైన గాజు పూత వేసినదై ఉండవచ్చు. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి సుద్దగా మారుతుంది. మామూలు ఉప్పులాగ వేడికి ఎక్కువ కరగడం కాదు, ఇది వేడికే గడ్డకడుతుంది. అందుకే ట్యాంకులో అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే ఎలిమెంటు మీద, ముందు పేరుకుంటుంది.

పొర మందమయ్యే కొద్దీ గొట్టంలోని వేడి నీళ్లకు చేరదు. కాగేటప్పుడు చిటపటమంటూ శబ్దం మొదలవుతుంది, కుళాయి నుంచి తెల్లటి పెచ్చులు వస్తాయి. లోపల వేడి ఎక్కువై ఒకనాటికి గొట్టం పగులుతుంది, నీళ్లు ఆ పొడిలోకి చేరి కరెంటు బయటికి కారుతుంది. బాత్‌రూమ్ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే అది వెంటనే పడిపోతుంది. గీజర్ వేసిన ప్రతిసారీ పడుతుంటే దాన్ని తీసేయమని ఎలక్ట్రీషియన్‌ని అడగడం ప్రాణాల మీదికి తెస్తుంది. చూపించాల్సింది ఎలిమెంటుని.

ఉప్పునీళ్ల సంగతి వేరు

సుద్ద ఒక సమస్య, ఉప్పు ఇంకొకటి. కొత్తపేట నుంచి రాజోలు దీవి మీదుగా సముద్రం వైపు వెళ్లే కొద్దీ, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల్లో బోరు లోతుకి దిగితే ఉప్పునీళ్లు తగలడం అందరూ ఎరిగినదే. వేసవిలో కాలువలు కట్టేశాక బోర్ల మీద ఆధారం ఇంకా పెరుగుతుంది. ఆ నీళ్లలోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకుకి అతుకుల దగ్గర సూదిమొనంత గుంటలు పెడుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, ఒకరోజు కింద చుక్క కారుతుంది.

ఇలాంటి చోటికి లోపల గాజు పూత వేసిన ఇనుప ట్యాంకు మేలు. పూతలో ఎక్కడైనా సన్నని లోపముంటే కాపాడటానికి అందులో మెగ్నీషియం కడ్డీ ఒకటి వేలాడుతుంది. ట్యాంకుకి బదులు అదే అరిగిపోతుంది. ఓడల రాగి అడుగుల్ని కాపాడటానికి ఇనుము, జింకు ముక్కలు తగిలించాలని 1824లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన సూత్రమే ఇది. నీళ్లు ఎంత ఉప్పగా ఉంటే కడ్డీ అంత త్వరగా అరుగుతుంది. అందుకని అక్కడి ఇళ్లలో ఏడాదికోసారి విప్పి చూడాలి. మధ్యలోని తీగ బయటపడితే కొత్తది వేయాలి. చన్నీళ్లు బాగానే ఉండి వేణ్ణీళ్లకు మాత్రం కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా? నీళ్లలోని బాక్టీరియాకి ఈ కడ్డీ తోడైతే వచ్చే వాసన అది కావచ్చు.

బిగించేటప్పుడు

మలికిపురం వైపు ఒక అంతస్తు ఇల్లు, డాబా మీద ట్యాంకు ఉందనుకుందాం. ట్యాంకు నీటిమట్టానికీ గీజర్‌కీ మధ్య మూడు నాలుగు మీటర్ల ఎత్తుంటే అక్కడి ఒత్తిడి అర బార్ కూడా ఉండదు. 8 బార్లు తట్టుకుంటుందని చెప్పే గీజర్ 80 మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికి తయారైనది. అపార్ట్‌మెంటుకో, ప్రెషర్ పంపు ఉన్న ఇంటికో తప్ప దానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి వైరింగ్ చేయించవచ్చు: 2 కిలోవాట్లు 9 ఆంపియర్ల దగ్గర లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడి లైను, పనిచేసే ఎర్తింగ్. వేణ్ణీళ్ల గొట్టం సీపీవీసీదై ఉండాలి, మామూలు పీవీసీ ఆ వేడికి మెత్తబడుతుంది. నీళ్లతో నిండిన గీజర్ సుమారు 25 కిలోలు ఉంటుంది, బోల్టులు పూత సిమెంటులో కాక ఇటుకలోకి దిగాలి.

15 లీటర్లు 60 డిగ్రీలకు కాగితే 200 మిల్లీలీటర్ల మేర వ్యాకోచిస్తాయి. వెనక్కి పోయే దారి మూసి ఉంటే ఆ గ్లాసెడు నీళ్లు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కచుక్కగా పడతాయి. లీకవుతోందని దానికి మేకు కొట్టడమో, టేపు చుట్టడమో ఎప్పుడూ చేయకూడదు. ఆగకుండా ధారగా కారితేనే ప్లంబర్‌ని పిలవాలి.

లైను చివరి ఇళ్లలో పొద్దున 180 వోల్టులే వస్తే 2 కిలోవాట్ల ఎలిమెంటు 1.2 కిలోవాట్లే ఇస్తుంది. 18 నిమిషాల పని అరగంట పడుతుంది, బిల్లు మాత్రం దాదాపు అంతే వస్తుంది. అలాంటి ఇంట్లో గీజర్ ఆలస్యంగా కాగుతోందంటే ఎలిమెంటు విప్పేముందు వోల్టేజీ చూడాలి.